అరగంట ఎవరితో?

వయసు మీదపడ్డాక మనుషులు కొత్తవాళ్లతో ఎందుకు పెద్దగా కలవరు? 1961లో అమెరికాలో వెలువడిన ‘గ్రోయింగ్ ఓల్డ్’ అనే పుస్తకం దీనికి కాస్త కర్కశమైన జవాబే చెప్పింది. కాన్సస్ సిటీలో చాలామందితో మాట్లాడి ఆ పుస్తకం రాసినవాళ్లు ఇలైన్ కమ్మింగ్, విలియం హెన్రీ. ముసలివాళ్లు సమాజం నుంచి నెమ్మదిగా తప్పుకుంటారని, సమాజం కూడా వాళ్లను వదిలేస్తుందని, మరణానికి ముందు ఇది ఇద్దరికీ మేలుచేసే ఏర్పాటేనని వాళ్ల వాదం. అదే కాన్సస్ సిటీ అధ్యయనంతో సంబంధమున్న రాబర్ట్ హావిగ్‌హర్స్ట్ దీన్ని ఒప్పుకోలేదు. మనిషి అవసరాలు ఎప్పటిలాగే ఉంటాయి, పోయేవి అవకాశాలేనన్నాడు. పోయిన పనుల స్థానంలో కొత్త పనులు, పోయిన స్నేహితుల స్థానంలో కొత్త స్నేహితులు దొరికితే వృద్ధాప్యం హాయిగా గడుస్తుందన్నాడు.

ఇరు పక్షాలవాళ్లూ ఎడముఖం పెడముఖంగా ఉన్నా, ఒక విషయం మాత్రం అందరూ పరీక్షించకుండానే నమ్మేశారు. పరిచయాలు తగ్గడమంటే మనిషి మొత్తంగా వెనక్కి జరగడమే అనుకున్నారు. తగ్గిన పరిచయాలు ఎవరివి, మిగిలినవి ఎవరివి అని విడదీసి చూడలేదు.

అలా విడదీసి చూసినావిడ లారా కార్‌స్టెన్‌సెన్. ఇరవై ఒక్కేళ్లప్పుడు పెద్ద రోడ్డు ప్రమాదంలో చిక్కుకుని ఆమె నెలల తరబడి ఎముకల వార్డులో పడుకోవాల్సి వచ్చింది. చుట్టూ ఎక్కువగా వృద్ధ మహిళలే. చావు దగ్గరగా కనబడ్డ ఆ రోజుల్లో తనకు అప్పటిదాకా గొప్పగా తోచినవేవీ లెక్కలోకి రాలేదని, తన మనుషులు మాత్రమే ముఖ్యమనిపించారని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పింది. ఇరవైల్లో ఉన్న అమ్మాయికి పక్క మంచం మీది ముసలావిడలాగే అనిపించిందంటే, దానికి కారణం వయసు కాకపోవచ్చు. ముందు ఎంత కాలం మిగిలిందన్న లెక్కే కారణం కావచ్చు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆమె రూపొందించిన సామాజిక భావోద్వేగ ఎంపిక సిద్ధాంతానికి ఇదే మూలసూత్రం. ముందు చాలా కాలం ఉందనుకునేవాడు తెలుసుకోవడానికి, ఎదగడానికి, ఎప్పటికో పనికొచ్చే పరిచయాలకు సమయం పెడతాడు. కాలం కొద్దిగానే ఉందనుకునేవాడు ఇప్పుడు, ఈ పూట మనసుకు తృప్తినిచ్చేదాన్ని ఎంచుకుంటాడు. దాన్ని ఇచ్చేది ఎక్కువగా పాతవాళ్లే.

చెప్పడానికి బాగానే ఉంది, పరీక్షించడం ఎలా? కాలం ఎంత మిగిలిందన్న స్పృహ వయసుతో పాటే మారుతుంది కనుక రెండింటినీ విడగొట్టడం తేలిక కాదు. బార్బరా ఫ్రెడ్రిక్‌సన్‌తో కలిసి 1990లో ప్రచురించిన పరిశోధనలో కార్‌స్టెన్‌సెన్ ఇందుకు వాడిన సాధనం మామూలు ప్రశ్న. మీకు ఓ అరగంట ఖాళీ దొరికింది, చెయ్యాల్సిన పనేమీ లేదు. ముగ్గురిలో ఒకరితో గడపాలి: ఇంట్లోవాళ్లలో ఒకరు, మీరు ఈ మధ్యే చదివిన పుస్తకం రాసినాయన, మీతో అభిరుచులు కలిసే కొత్త పరిచయస్తుడు. ఎవరిని ఎంచుకుంటారు?

పెద్దవాళ్లలో అధిక సంఖ్యాకులు ఇంట్లోవాళ్లనే కోరుకున్నారు. కుర్రవాళ్లలో అలాంటి మొగ్గేమీ కనబడలేదు. ఇంతవరకైతే కమ్మింగ్, హెన్రీలు కూడా సరేననేవారు. అసలు విషయం ప్రశ్నకు చేసిన చిన్న మార్పులో ఉంది. త్వరలో మీరొక్కరే దేశం ఆ చివరికి మకాం మార్చబోతున్నారు అనుకోండి అన్నారు. కుర్రవాళ్లు కూడా ఇంట్లోవాళ్ల వైపు తిరిగారు. వయసు అంతే ఉంది, ముందున్న కాలానికి మాత్రం ముగింపు పడింది.

దీన్నే తిరగేసి చూస్తే? హెలీన్ ఫంగ్ తదితరులతో కలిసి 1999లో ప్రచురించిన వ్యాసంలో ఆ పనీ చేశారు. వైద్యంలో కొత్త ఆవిష్కరణ వచ్చింది, మీరు అనుకున్నదానికంటే ఇరవై ఏళ్లు ఎక్కువ బతుకుతారు అని పెద్దవాళ్లకు చెప్పి అదే అరగంట ప్రశ్న వేశారు. ఇంట్లోవాళ్లే కావాలన్న ప్రత్యేక మొగ్గు మాయమైంది.

ఇవన్నీ ఊహించుకోమని చెప్పి చేసినవి కదా అని సందేహం రావడం న్యాయమే. దానికి జవాబు హాంకాంగ్‌లో దొరికింది. 1997 జులై 1న ఆ నగరం బ్రిటన్ చేతుల్లోంచి చైనాకు మారింది. ఇక మన హాంకాంగ్ ముగిసిపోతోందన్న బెంగ అక్కడ చాలామందిలో ఉండేది. ఆ మార్పుకు ఏడాది ముందు అడిగితే కుర్రవాళ్లకూ పెద్దలకూ మధ్య ఎప్పటి తేడాయే కనబడింది. రెండు నెలల ముందు అడిగితే కుర్రవాళ్లు కూడా పెద్దల్లాగే దగ్గరివాళ్లను ఎంచుకున్నారు. మార్పు జరిగి ఏడాది గడిచాక, ఆకాశమేమీ విరిగిపడలేదని తేలాక, తేడా మళ్లీ వచ్చేసింది. ఈ సిద్ధాంతంలో నన్ను బాగా ఒప్పించిన భాగం ఇదే. అక్కడ ముగింపు బెంగను ఏ శాస్త్రవేత్తా కల్పించలేదు, చరిత్రే ఆ పని చేసిపెట్టింది.

ఇక ఆ అరగంట ప్రశ్న పక్కన పెట్టి, నిజజీవితాల్లో పరిచయాలు ఎలా తగ్గుతాయో చూద్దాం. 1992లో ప్రచురించిన పరిశోధన కోసం కార్‌స్టెన్‌సెన్ పాత ఇంటర్వ్యూల దస్త్రాలు తిరగేసింది. అవే మనుషులను పద్దెనిమిదో ఏడు నుంచి యాభై దాటేదాకా మూడు దశాబ్దాలకు పైగా అప్పుడప్పుడూ పలకరించి నమోదు చేసిన మాటలవి. ముఖపరిచయాలు తగ్గడం ముసలితనంలో మొదలు కాలేదు, యౌవనం తొలినాళ్లలోనే మొదలైంది. అదే సమయంలో జీవిత భాగస్వామితో, తోబుట్టువులతో దగ్గరతనం పెరుగుతూ వచ్చింది. ఫ్రీడర్ లాంగ్‌తో కలిసి 1994లో ప్రచురించిన పరిశోధనలో బెర్లిన్‌లో డెబ్బై నుంచి నూట నాలుగేళ్ల మధ్యవాళ్లను చూసినప్పుడు, బాగా వయసు మళ్లినవాళ్ల పరిచయాల జాబితా పొట్టిదే అయినా అందులో ప్రాణప్రదమైనవాళ్ల సంఖ్య పెద్దగా తగ్గలేదు. రాలిపోయినవి అంచున ఉన్న పేర్లే.

పరిచయాలు తగ్గడం ఎంపికో, బలవంతమో తెలుసుకోవడానికి గుర్తు ఇక్కడే దొరుకుతుంది. అంచు పేర్లు పోయి నడిమి పేర్లు నిలిస్తే అది ఎంపిక. నడిమి పేర్లే పోతుంటే అది వేరే సంగతి. భర్త పోయి, మోకాళ్లు పట్టేసి, పిల్లలు డాలస్‌లో స్థిరపడ్డ తెనాలి ముసలావిడ మాట్లాడే మనుషులు తగ్గిపోయారంటే ఆమె ఎవరినో వదిలించుకుందని కాదు. ఆమె ఎంచుకునే మనుషులే అందుబాటులో లేరు. ఇలాంటి ఒంటరితనాన్ని పెద్దవయసులో అది సహజమేలే అని ఈ సిద్ధాంతం పేరు చెప్పి తోసెయ్యడం నేను విన్నాను. దాని రచయిత్రి అన్న మాట అది కాదు.

సిద్ధాంతానికి అసలు చిక్కు మరోవైపు నుంచి వచ్చింది. ఉగాండాలోని కిబాలె అడవిలో ఇరవై ఏళ్లపాటు అడవి చింపాంజీలను గమనించిన బృందం 2020లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. వయసు మళ్లిన మగ చింపాంజీలు కూడా పరస్పరం ఇష్టపడే కొద్దిమంది నేస్తాలతోనే ఎక్కువ సమయం గడుపుతున్నాయి. తనకింక కొన్నేళ్లే మిగిలాయని చింపాంజీ లెక్క వేసుకుంటుందని చెప్పే ఆధారమేదీ లేదు. అంటే ఈ మొగ్గులో కొంతభాగమైనా కాలస్పృహ లేకుండానే రావచ్చు. వయసుతో ఆవేశం చల్లబడి, గొడవలకు ఓపిక తగ్గడం అందుకు చాలేమో. హాంకాంగ్ కుర్రవాళ్ల సంగతి మాత్రం ఈ వాదనతో తేలదు. రెండు నెలల ముందు వాళ్లకు వయసూ మళ్లలేదు, ఓపికా తగ్గలేదు.