వాలుపై జారే ద్రవపు పొర: వేగం ఎంత, ప్రవాహం ఎంత?

వాలుగా పెట్టిన స్టీలు పలక మీద ఆముదం పోస్తే కాసేపటికి అది ఒకే మందంతో, అలలు లేని పొరగా కిందికి జారుతుంది. పలకను అంటుకున్న ఆముదం అసలు కదలదు. గాలి తగిలే పైభాగం అన్నిటికంటే వేగంగా కదులుతుంది. ఈ రెండింటి మధ్య వేగం ఎలా మారుతుందో లెక్కగట్టడం ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో తొలి పాఠాల్లో ఒకటి. ఇదే పద్ధతిని జర్మన్ ఇంజినీర్ విల్‌హెల్మ్ నుసెల్ట్ 1916లో, చల్లని గోడపై ఆవిరి నీరుగా మారి జారే తీరును లెక్కించడానికి వాడారు.

పలక నేలతో చేసే కోణం θ, పొర మందం δ, ద్రవ సాంద్రత ρ, చిక్కదనం, అంటే విస్కాసిటీ, μ అనుకుందాం. పలక నుంచి లంబంగా కొలిచే దూరం y. పలక దగ్గర y సున్నా, పై ఉపరితలం దగ్గర δ.

ఇప్పుడు y ఎత్తున పొరను అడ్డంగా కోసినట్టు ఊహించి, దాని పైనున్న భాగాన్ని మాత్రమే చూద్దాం. దాని మందం δ − y. దాని బరువులో వాలు వెంట లాగే భాగం, ఒక చదరపు మీటరుకు, ρ g sinθ (δ − y). పైన గాలి దాదాపు ఏమీ అడ్డుకోదు. పొర మందం మారదు, పైనంతా వాతావరణ పీడనమే కాబట్టి వాలు వెంట పీడనం కూడా తోయదు. వేగం స్థిరంగా ఉంది కనుక ఈ లాగుడును ఆపేది కింది పొర రాపిడి ఒక్కటే. న్యూటన్ సూత్రం ప్రకారం ఆ రాపిడి μ du/dy. అంటే:

μ du/dy = ρ g sinθ (δ − y)

పలక దగ్గర వేగం సున్నా అన్న షరతుతో సమాకలనం చేస్తే:

u = (ρ g sinθ / μ) (δy − y²/2)

ఇది సగం పారబోలా. y = δ దగ్గర గరిష్ఠ వేగం ρ g sinθ δ² / 2μ. ఈ వేగాన్ని సున్నా నుంచి δ వరకు కూడితే, ఒక మీటరు వెడల్పుకు ప్రవాహం:

q = ρ g sinθ δ³ / 3μ

దీన్ని δతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. అది గరిష్ఠ వేగంలో సరిగ్గా మూడింట రెండు వంతులు. మీ జవాబుకు ఈ నిష్పత్తి రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే. విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు, పై ఉపరితలం దగ్గర కూడా వేగం సున్నా అని పెట్టడం. అప్పుడు 3 ఉండాల్సిన చోట 12 వస్తుంది, ప్రవాహం నాలుగో వంతుకు పడిపోతుంది. మరో చిక్కు కోణంతో: కొన్ని పుస్తకాలు దాన్ని నిలువు గీత నుంచి కొలుస్తాయి, అప్పుడు sin బదులు cos రావాలి.

మన ఆముదానికి అంకెలు వేద్దాం. 25 డిగ్రీల వేడి దగ్గర సాంద్రత సుమారు 960 కిలోలు, విస్కాసిటీ సుమారు 0.65 పాస్కల్-సెకన్లు. వాలు 30 డిగ్రీలు, మందం 2 మిల్లీమీటర్లు. మీటరు వెడల్పుకు సెకనుకు 19 మిల్లీలీటర్ల పైచిలుకు ప్రవాహం వస్తుంది. సగటు వేగం సెకనుకు 9.7 మిల్లీమీటర్లు, ఉపరితలం దగ్గర 14.5. వేడి 40 డిగ్రీలైతే విస్కాసిటీ సగం కంటే బాగా తగ్గిపోతుంది. కాబట్టి థర్మామీటరు లేకుండా ఈ ప్రయోగం చేస్తే లెక్క కుదరదు. మందం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అది ఘనంలో ఉంది కనుక, కొలతలో 10 శాతం ఎక్కువైతే ప్రవాహం 33 శాతం ఎక్కువగా తేలుతుంది.

అదే 2 మిల్లీమీటర్ల మందానికి నీటి విలువలు వేస్తే సగటు వేగం సెకనుకు 6.5 మీటర్లు అని వస్తుంది. సూత్రం తప్పు కాదు, అక్కడ ప్రవాహం లామినార్‌గా ఉండదు. సగటు వేగం, మందం ఆధారంగా లెక్కించే రేనాల్డ్స్ సంఖ్య (5/6) cotθ దాటగానే పొరపై అలలు మొదలవుతాయి. 30 డిగ్రీల వాలుకు ఆ హద్దు 1.44. మన ఆముదానికి ఆ సంఖ్య 0.03 కూడా లేదు, నీటికి 13 వేలు. నిలువు గోడకు cotθ సున్నా, కాబట్టి అక్కడ పొర ఎంత నెమ్మదిగా జారినా అలలు రావచ్చు. ఆ అలల మీద ప్యోత్ర్ కాపిట్సా 1940ల చివర్లో, పదవి పోయి ఊరిబయటి ఇంట్లో ఉంటూ పరిశోధన చేశారు.

ఈ సూత్రం చెప్పని సంగతి ఒకటుంది. పాలను, చక్కెర రసాన్ని చిక్కబరిచే ఫాలింగ్ ఫిల్మ్ ఎవాపరేటర్లలో ద్రవం వేడి గొట్టాల లోపలి గోడ మీద పల్చని పొరగా జారుతుంది. ప్రవాహం ఎంత తగ్గించినా సూత్రం మరింత పల్చని పొరను చూపిస్తూనే ఉంటుంది. నిజానికి ఒక స్థాయి కింద తలతన్యత వల్ల పొర చీలి పాయలుగా విడిపోతుంది. మధ్యలో గోడ ఎండిపోతుంది, అక్కడ పాలు మాడి అంటుకుంటాయి. అందుకే ఒక్కో గొట్టానికి కనీసం ఎంత ద్రవం అందాలన్నది ఈ సూత్రంతో కాకుండా, ప్రయోగాలతో తేలిన విలువలతో నిర్ణయిస్తారు.