కరవది నుండి శ్రీరంగానికి: షేక్ చిన మౌలానా నాదస్వర విద్య

సభలలో పంచే కార్యక్రమ పత్రికలలో షేక్ చిన మౌలానా గారి పరిచయం తరచు బిరుదులతో ఆరంభమవుతుంది. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి. ఆయన విద్యను గ్రహించగోరే శ్రోత మాత్రం గురువుల పేర్ల వద్ద కొంత నిలవాలి.

ఒంగోలు చేరువలోని కరవదిలో 1924 మే 12న ఆయన జన్మించారు. గుంటూరు, ఒంగోలు సీమలలో దేవుని ఊరేగింపులకు, పెళ్ళిళ్ళకు నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వీరిదీ అట్టి కుటుంబమే. తొలి పాఠాలు తండ్రి కాశిం సాహెబు గారు చెప్పారు. తరువాతి శిక్షణ చిలకలూరిపేట ఆదం సాహెబు గారి వద్ద జరిగింది. ఆంధ్రదేశంలో విద్వాంసుడనిపించుకోవటానికి అది చాలును. కాని తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై వాదనం ఆయనను ఆకర్షించింది. ఆ తంజావూరు బాణీ కోసం కుంభకోణం దాపున ఉన్న నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణు గార్లకు శిష్యులైనారు.

బాణీ మార్చుకోవటమంటే కొత్త కీర్తనలు నేర్వటం కాదు. నాదస్వరానికి వేళ్ళు ఆడే రంధ్రాలు ఏడే; మీటలు లేవు. రంధ్రాన్ని సగం మూయటం, పీకపై పెదవుల ఒత్తిడి, ఊపిరి బలం కలిసి స్వరస్థానాన్ని నిర్ణయిస్తాయి. వేగంగా సాగే స్వరాలలో చిన్న లోపం వినబడదు. విలంబంగా రాగాలాపన చేసేటప్పుడు ఊపిరి రవ్వంత తగ్గినా స్వరం శ్రుతి నుండి జారటం శ్రోతకు తెలిసిపోతుంది. తోడిలో గాంధారాన్ని నిలకడగా పట్టరాదు, ఊపుతూ పలికించాలి. ఆ ఊపు అదుపు తప్పితే రాగమే చెడుతుంది. రాగాలాపనే ప్రాణమైన తంజావూరు బాణీ కోరినది ఈ నిగ్రహాన్నే. అలవాటుపడిన పెదవికి, ఊపిరికి మళ్ళీ ఓనమాలు దిద్దించటం తేలిక పని కాదు.

ఆలాపన తరువాత త్యాగరాజ కృతి వచ్చేది. వాద్యానికి మాటలుండవు; నాలుక తాకిడితోనే అక్షరాల విరుపు చూపాలి. సాహిత్యం మాతృభాషలో ఉండటం ఇక్కడ ఆయనకు కలిసివచ్చిందని నా భావన.

రంగనాథునిపై భక్తితో ఆయన శ్రీరంగంలో స్థిరపడ్డారు. అక్కడ శారదా నాదస్వర సంగీతాశ్రమాన్ని స్థాపించి విద్యార్థులకు పాఠం చెప్పారు. 1999 ఏప్రిల్ 13న ఆయన కన్నుమూశారు. ఆయన వద్దనే నేర్చిన మనుమలు కాశిం, బాబు జంటగా ఆ బాణీని కచేరీలలో వినిపించారు.