బోరు నీటిలో ఆర్సెనిక్: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో గుర్తించడం, శుద్ధి చేసుకోవడం

ఆర్సెనిక్ అంటే మన పెద్దలు పాషాణం అనే విష పదార్థానికి మూలమైన మూలకం. నీటిలో కరిగితే రంగు ఉండదు, వాసన ఉండదు, రుచి మారదు. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లను పళ్లపై గారను చూసి కొంతవరకు అనుమానించవచ్చు. ఆర్సెనిక్ నీళ్లు మాత్రం ఏళ్ల తరబడి తాగిన తర్వాతే ఒంటి మీద బయటపడతాయి. అందుకే ఈ విషయంలో మొదటి పని పరీక్ష, రెండోది నీటి వనరు మార్చడం, ఫిల్టరు మూడోది. ఈ వరుస తప్పితే డబ్బు పోతుంది, విషం మిగులుతుంది.

మన రాయికి, బెంగాల్ మట్టికి తేడా

ఆర్సెనిక్ అనగానే పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ గుర్తుకొస్తాయి. అక్కడ గంగా నది తెచ్చిన ఒండ్రు మట్టిలో తక్కువ లోతు గొట్టపు బావులు వేశారు. గాలి అందని ఆ మట్టి పొరల్లో ఇనుప తుప్పుకు అంటుకుని ఉన్న ఆర్సెనిక్ విడిపోయి నీటిలో కలుస్తుంది. అక్కడ చాలా చోట్ల బంకమట్టి పొర దాటి బాగా లోతుకు వెళితే మంచి నీళ్లు దొరుకుతాయి.

మన మూడు జిల్లాల్లో అలాంటి ఒండ్రు నేల తక్కువ. ఇక్కడ ఎక్కువగా గట్టి రాయి, ఆ రాతి పగుళ్లలో నీరు. ఈ రాయిలో సాధారణంగా కనిపించే సమస్య ఫ్లోరైడ్. అయితే గ్రానైట్ మధ్యలో అక్కడక్కడ నల్లగా, పచ్చగా ఉండే పాత రాతి పట్టీలు ఉంటాయి. గద్వాల ప్రాంతం నుంచి కర్నూలు జిల్లా వెల్దుర్తి వైపు సాగే పట్టీని భూగర్భ శాస్త్రవేత్తలు గద్వాల షిస్ట్ బెల్ట్ అంటారు. బంగారం ఉండే అవకాశమున్న ఇలాంటి రాళ్లలో గంధకంతో కలిసిన ఆర్సెనిక్ ఖనిజం కూడా ఉండవచ్చు. గాలి, నీరు తగిలి ఆ ఖనిజం కరిగినప్పుడు ఆర్సెనిక్ బయటికి వస్తుంది.

దీన్నిబట్టి గద్వాల బోర్లలో ఆర్సెనిక్ ఉందని అనుకోకూడదు. పరీక్షించకుండా లేదని కూడా చెప్పలేం. ఇంకో మాట, బెంగాల్‌లో లాగా "ఇంకా లోతుకు వేస్తే మంచి నీళ్లు పడతాయి" అనే సలహా ఇక్కడ పనికిరాదు. మన దగ్గర పై నీటిని, కింది నీటిని వేరు చేసే బంకమట్టి పొర ఉండదు. లోతు బోరు అదే ఖనిజం ఉన్న పగులును తాకవచ్చు.

పక్క రాష్ట్రంలో ఏం జరిగింది

గద్వాలకు ఆనుకుని రాయచూరు, దాని పక్కన యాద్గిర్ జిల్లా ఉన్నాయి. యాద్గిర్ జిల్లాలో పాత బంగారు గనులున్న మంగళూరు రాతి పట్టీలో కిరదళ్లి తండా వంటి చోట్ల జనానికి చర్మ సమస్యలు కనిపించాయి. సముద్రతీరపు మంగళూరుకూ దీనికీ సంబంధం లేదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో అక్కడి 59 గొట్టపు బావుల నీటిని పరీక్షిస్తే, 79 శాతం బావుల్లో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటింది. అత్యధికం 303. పరీక్షించిన 181 మందిలో 58.6 శాతం మందికి ఆర్సెనిక్ వల్ల వచ్చే చర్మ లక్షణాలు ఉన్నాయి. కొన్ని చోట్ల ఇళ్ల దగ్గరి పైమట్టిలో కూడా ఆర్సెనిక్ చాలా ఎక్కువగా ఉంది. దానికి గని వ్యర్థాలు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.

కాబట్టి బోరు వేసేటప్పుడు వచ్చే రాతిపొడిని గమనించండి. తెల్లగా, గులాబీగా వస్తే అది గ్రానైట్. ముదురు పచ్చగా, నల్లగా, మెరిసే లోహపు చుక్కలతో వస్తే ఆ బోరు నీటిని తాగే ముందు ఆర్సెనిక్ పరీక్ష తప్పనిసరి. పాత గని గుంతలు, గని మట్టి దిబ్బలు దగ్గరున్నా అంతే.

ఒంట్లోకి ఎలా చేరుతుంది

ప్రధాన దారి తాగే నీరు. రెండోది వంట. అన్నం, పప్పు, జొన్న సంగటి వండినప్పుడు నీరు ఆవిరవుతుంది గానీ ఆర్సెనిక్ గిన్నెలోనే మిగులుతుంది. అందుకే నీటిని మరిగిస్తే విషం పోదు, పైగా చిక్కబడుతుంది. స్నానానికి, బట్టలు ఉతకడానికి వాడితే పెద్ద ప్రమాదం లేదు, చర్మం ద్వారా లోపలికి వెళ్లేది చాలా తక్కువ.

మొదట కనిపించేవి ఛాతీ, వీపు మీద వాన చినుకులు పడినట్టు నల్ల, తెల్ల మచ్చలు. తర్వాత అరచేతులు, అరికాళ్లు గరుకెక్కి, చిన్న చిన్న గట్టి బొడిపెలు వస్తాయి. ఇవి బయటపడటానికి సాధారణంగా కొన్నేళ్లు పడుతుంది. ఆ తర్వాత కూడా అవే నీళ్లు తాగుతుంటే చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఇది అంటువ్యాధి కాదు. కుష్ఠు అనుకుని మనిషిని దూరం పెట్టకూడదు. ఒకే బోరు నీరు తాగే ఇళ్లలో ఇద్దరు ముగ్గురికి ఇలాంటి మచ్చలుంటే డాక్టరుకు చూపించి, ఆ బోరు నీటిని కూడా పరీక్షకు పంపండి. మందులకన్నా ముందు ఆ నీరు మానడమే వైద్యం.

పరీక్ష ఎలా చేయించాలి

తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, అంటే 10 మైక్రోగ్రాములు. పాత కాగితాల్లో 0.05, అంటే 50 మైక్రోగ్రాముల పరిమితి కనిపించవచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. రిపోర్టు చదివేటప్పుడు మిల్లీగ్రామా, మైక్రోగ్రామా అన్నది చూసుకోవాలి. 0.06 అంకె చిన్నదిగా కనిపించినా, అది మిల్లీగ్రాములైతే పరిమితికి ఆరు రెట్లు.

గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కు నమూనా ఇచ్చేటప్పుడు "ఆర్సెనిక్ కూడా చూడాలి" అని ప్రత్యేకంగా రాయించండి. ఉప్పదనం, ఫ్లోరైడ్, నైట్రేట్ మాత్రమే చూసిన రిపోర్టుతో ఇది తెలియదు. సీసా ల్యాబ్ వాళ్ల దగ్గరే తీసుకోవడం మంచిది, లోహాల పరీక్షకు అందులో కొద్దిగా ఆమ్లం వేసి ఇస్తారు. ఆ సీసాను కడగకూడదు. బోరును పది నిమిషాలు నడిపాక నీరు పట్టి, బోరు గుర్తు, లోతు, తేదీ రాయండి. వానాకాలానికి ముందోసారి, తర్వాతోసారి చూడాలి. రంగు మారే కాగితంతో చేసే కిట్లు ఎక్కువ తక్కువలు చెబుతాయి గానీ, 10 దగ్గర వాటిని నమ్మలేం. పైగా ఆ పరీక్షలో విషవాయువు పుడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి.

ఒక తండా లెక్క

ఉదాహరణకు 60 ఇళ్లు, 300 మంది ఉన్న తండా అనుకుందాం. ఐదు బోర్లను పరీక్షిస్తే 4, 8, 18, 62, 140 మైక్రోగ్రాములు వచ్చాయి. పక్కపక్క బోర్లలో ఇంత తేడా రావడం వింత కాదు, ఒక్కో బోరు ఒక్కో పగులును తాకుతుంది. అందుకే ఒక్క బోరు రిపోర్టును ఊరంతటికీ వర్తింపజేయకూడదు.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు చాలు. 300 మందికి 1,500 లీటర్లు. 4 మైక్రోగ్రాముల బోరు గంటకు 1,000 లీటర్లు ఇస్తే గంటన్నర నడిపితే సరిపోతుంది. ఇక్కడ ఫిల్టరే అవసరం లేదు. మొదటి రెండు బోర్లకు పచ్చ రంగు, మిగతా మూడింటికి ఎర్ర రంగు వేయాలి. బంగ్లాదేశ్‌లో లక్షల బావులకు ఇలాగే రంగులు వేశారు. ఎర్ర బోర్లు ఉతుకుడుకు, కడుగుడుకు. సాగునీటికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సూచించిన పరిమితి 100 మైక్రోగ్రాములు. కాబట్టి 140 ఉన్న బోరుతో వరి వద్దు. నిలవ నీటి మడిలో ఆర్సెనిక్ విడివడి వరి వేళ్లు తేలిగ్గా పీల్చుకుంటాయి.

మిషన్ భగీరథ నల్లా వచ్చే ఊళ్లో తాగడానికి ఆ నీరే వాడటం ఇంకా సులువైన దారి. సరఫరా ఆగిన రోజుల్లో జనం మళ్లీ ఎర్ర బోరుకు పోకుండా, రెండు రోజులకు సరిపడా అంటే 3,000 లీటర్ల ట్యాంకు ఉంచుకోవాలి.

మంచి బోరే లేకపోతే

అప్పుడు ఊరి ఫిల్టరు. ఇనుప హైడ్రాక్సైడ్ గుళికలు లేదా యాక్టివేటెడ్ అల్యూమినా నింపిన ట్యాంకు ఆర్సెనిక్‌ను పట్టుకుంటుంది. పశ్చిమ బెంగాల్‌లో చేతిపంపులకు యాక్టివేటెడ్ అల్యూమినా యూనిట్లు బిగించి ఊళ్లు నడిపాయి. ఆ గుళికలు ఒక రోజు నిండిపోతాయి. నీరు అప్పుడూ తేటగానే వస్తుంది, విషం మాత్రం దాటిపోతుంది. 100 లీటర్ల గుళికలు 10 లక్షల లీటర్లు శుద్ధి చేస్తాయని కంపెనీ చెప్పిందనుకోండి. రోజుకు 1,500 లీటర్ల లెక్కన అది సుమారు 22 నెలలు. కానీ నీటిలో ఇనుము, ఫాస్ఫేట్, సిలికా ఉంటే అంత కాలం రాదు. అందుకే మూడు నెలలకోసారి శుద్ధి చేసిన నీటిని ల్యాబ్‌కు పంపాలి. 10కి దగ్గరగా వస్తే గుళికలు మార్చాలి. ఆ ఖర్చుకు ఇంటింటి నుంచి నెలనెలా కొంత పక్కన పెట్టకపోతే ఫిల్టరు అక్కడే ఆగిపోతుంది.

ఊళ్లో ఇప్పటికే ఆర్వో వాటర్ ప్లాంటు ఉంటే దాన్నీ పరీక్షించండి. ఆర్సెనిక్‌కు రెండు రూపాలున్నాయి. గాలి తగిలిన నీటిలో ఉండే రూపాన్ని ఆర్వో బాగా ఆపుతుంది. గాలి తగలని లోతు నీటిలో ఉండే రూపం చాలావరకు జారిపోతుంది. దాన్ని ముందు క్లోరిన్‌తో మార్చాలి. ఆ తర్వాత నీటిని కార్బన్ ఫిల్టరు గుండా పంపాలి, లేకపోతే మిగిలిన క్లోరిన్ ఆర్వో పొరను పాడు చేస్తుంది. ప్లాంటు బయటికి వదిలే నీటిలో ఆర్సెనిక్ చిక్కబడి ఉంటుంది. దాన్ని పశువుల తొట్టికి, కూరగాయల మడికి, ఇంకుడు గుంతకు మళ్లించకూడదు.

వాడేసిన గుళికలు, ఫిల్టరు బురద కూడా విషమే. చెరువు గట్టున, పెంటకుప్పలో పారబోస్తే వానకు మళ్లీ నీటిలోకే చేరుతుంది. ఫిల్టరు కొనేటప్పుడే, పాత గుళికలను కంపెనీయే వెనక్కి తీసుకెళ్లాలన్న మాట ఒప్పందంలో రాయించుకోండి.