విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో ఫ్లష్ అవసరాలకు వాన నీటి నిల్వ (గోదావరి జిల్లాలు)

భవనాల పైకప్పుల మీద పడిన వాన నీటిని ట్యాంకుల్లో పట్టి, వడకట్టి, మరుగుదొడ్ల ఫ్లష్ ట్యాంకులకు విడి గొట్టాల ద్వారా పంపే ఏర్పాటు ఇది. తాగడానికి అక్కరలేదు కాబట్టి శుద్ధి తేలిక. అసలు చిక్కు ట్యాంకు ఎంత ఉండాలన్న దగ్గరే వస్తుంది. ఏడాది వానలో అధిక భాగం జూన్ నుంచి నవంబరు లోపే కురిసే గోదావరి జిల్లాల్లో, ట్యాంకు పరిమాణాన్ని వేసవి కొరతను బట్టి కాక వానాకాలంలో రెండు వానల మధ్య వచ్చే ఎడాన్ని బట్టి నిర్ణయించాలి.

ప్రాంత స్వభావం

రాజానగరం వద్ద ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, వెంకటరామన్నగూడెంలో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం, తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ, కాకినాడలో జేఎన్‌టీయూ ఈ ప్రాంతపు పెద్ద విద్యా ప్రాంగణాలు. వీటిలో రాజానగరం, వెంకటరామన్నగూడెం మెట్ట ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ ట్యాంకు నిండి పొర్లిన నీటిని ఇంకుడు గుంతల్లోకి వదలవచ్చు. డెల్టా పల్లంలో ఒండ్రు బంకమట్టి నేలలు, వానాకాలంలో భూగర్భ జలం పైకే ఉంటుంది. అందువల్ల అక్కడ నీరు ఇంకించడం కంటే నిల్వ చేసి వాడుకోవడమే ఫలితమిస్తుంది.

ధవళేశ్వరం నుంచి వచ్చే డెల్టా కాలువలను మరమ్మతుల కోసం సాధారణంగా వేసవిలో కట్టేస్తారు. ఆ రోజుల కోసం ఊళ్లలో మంచినీటి చెరువులను ముందే నింపుకుంటారు. పైకప్పు మీది వాన నీరు ఆ వేసవి దాకా నిలుస్తుందా అన్న ప్రశ్నకు కింది లెక్క సమాధానమిస్తుంది.

అవసరం, రాబడి

జాతీయ భవన నిర్మాణ నియమావళి (2016) ప్రకారం విద్యాసంస్థల్లో పగటిపూట వచ్చి వెళ్లేవారికి తలకు రోజుకు 45 లీటర్లు, అందులో ఫ్లష్‌కు 20 లీటర్లు లెక్కిస్తారు. హాస్టల్లో ఉండేవారికి 135 లీటర్లలో 45 ఫ్లష్‌కు పోతాయి.

ఉదాహరణకు పగటిపూట 3,000 మంది, హాస్టళ్లలో 2,000 మంది ఉండే ప్రాంగణాన్ని తీసుకుందాం. రోజుకు ఫ్లష్ అవసరం 60 వేలు, 90 వేలు కలిపి 1.5 లక్షల లీటర్లు. సిమెంటు పైకప్పుల మొత్తం వైశాల్యం 40,000 చదరపు మీటర్లు అనుకుందాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. తడిసిపోవడం, ఆవిరి, తొలి వాన నీటిని వదిలేయడం వల్ల 20 శాతం పోతుందనుకుంటే, ఒక్కో మిల్లీమీటరుకు 32 వేల లీటర్లు చేతికొస్తాయి.

ఈ ప్రాంతానికి దగ్గరగా ఉండేలా గుండ్రపు అంకెలు వేసుకుందాం: జూన్ 120 మి.మీ., జులై 200, ఆగస్టు 200, సెప్టెంబరు 170, అక్టోబరు 190, నవంబరు 70, మిగతా ఆరు నెలలూ కలిపి 115. ఏడాది మొత్తం 1,065 మి.మీ. దీనితో వచ్చే నీరు సుమారు 3.4 కోట్ల లీటర్లు. ఏడాది పొడవునా వాడకం మారకుంటే కావలసింది సుమారు 5.5 కోట్లు. అంటే ఎంత పెద్ద ట్యాంకు కట్టినా సుమారు 62 శాతానికి మించి తీరదు.

ట్యాంకు పరిమాణం

నెలకు అవసరం 45 లక్షల లీటర్లు. జులై, ఆగస్టుల్లో 64 లక్షల చొప్పున వస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు మిగులు కూడా కలిపితే నాలుగు నెలల్లో 63 లక్షల లీటర్లు మిగులుతాయి. ఆ నీటినంతా దాచే ట్యాంకు కట్టామనుకుందాం. నవంబరు లోటు 22.6 లక్షలు అందులోంచే పోతుంది. మిగిలిన 40 లక్షల పైచిలుకు డిసెంబరు చివరికల్లా అయిపోతుంది. అంత ఖర్చుతో కట్టిన ట్యాంకు సంక్రాంతికే ఖాళీగా ఉంటుంది, వేసవి మాట దేవుడెరుగు.

ఇప్పుడు ఆరు రోజుల అవసరానికి సరిపడే 9 లక్షల లీటర్ల ట్యాంకును చూద్దాం. 28 మి.మీ. వాన ఒక్కసారి పడితే ఇది నిండుతుంది. వానాకాలంలో నిండుతూ, ఖాళీ అవుతూ మళ్లీ మళ్లీ పనికొస్తుంది. పది రోజులు వాన మొహం చాటేస్తే నాలుగు రోజులు బోరు నీరో కాలువ నీరో వాడుకుంటే చాలు. 63 లక్షల ట్యాంకులో అదనంగా కట్టిన భాగం మాత్రం ఎక్కువగా ఏడాదికి ఒక్కసారే అక్కరకొస్తుంది.

ఖచ్చితమైన పరిమాణానికి కనీసం పదేళ్ల రోజువారీ వర్షపాతం తీసుకుని ఒక్కో రోజుకూ ఇలా లెక్క కట్టాలి:

నేటి వాడకం = (నిన్నటి నిల్వ, నేటి అవసరం) వీటిలో తక్కువది

నేటి నిల్వ = (నిన్నటి నిల్వ + నేటి రాబడి, ట్యాంకు సామర్థ్యం) వీటిలో తక్కువది − నేటి వాడకం

3, 6, 9, 12 లక్షల సామర్థ్యాలతో దీన్ని మళ్లీ మళ్లీ చేసి, సామర్థ్యం పెంచినా తీరే అవసరం పెద్దగా పెరగని చోట ఆగాలి. బ్రిటిష్ ప్రమాణాల్లోని ఐదు శాతం సూత్రం ఏడాది రాబడిలోనో అవసరంలోనో తక్కువైనదానిలో 5 శాతాన్ని ట్యాంకుకు లెక్కిస్తుంది. మన ఉదాహరణలో అది 17 లక్షల లీటర్లు. అది ఏడాదంతా వానలు పడే దేశపు సూత్రం. రోజువారీ లెక్క చేయకుండా ఇక్కడ దాన్ని నమ్మకూడదు.

భవనాల పంపకం

ప్రాంగణం మొత్తానికి సరిపోయిన లెక్క భవనానికి సరిపోకపోవచ్చు. 1,500 చదరపు మీటర్ల పైకప్పు, 500 మంది ఉన్న హాస్టల్‌కు ఏడాదికి 82 లక్షల లీటర్లు కావాలి, వచ్చేది 13 లక్షలు. 3,000 చదరపు మీటర్ల తరగతి భవనంలో 600 మందికి 250 పనిదినాలకు 30 లక్షలు కావాలి, వచ్చేది 26 లక్షలు. సెలవుల్లోనూ, జోరు వానల్లోనూ తరగతి భవనాల దగ్గర నీరు పొర్లిపోతుంటే పక్క హాస్టల్ బోరు మీద నడుస్తుంటుంది. కాబట్టి పక్కపక్కనున్న భవనాలను ఒక గుంపుగా చేసి, గుంపుకో ట్యాంకు కట్టడం మేలు.

శుద్ధి

వేసవి దుమ్ము, ఆకులు, పక్షుల రెట్టలు తొలి వానతో కొట్టుకొస్తాయి. మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల నీటిని పక్కకు మళ్లించి, ఆ గొట్టం తరువాతి వానకు దానంతటదే ఖాళీ అయ్యేలా చిన్న రంధ్రం పెట్టాలి. తరువాత ఆకుల జాలీ, ఇసుక వడపోత. ట్యాంకులోకి వచ్చే గొట్టం చివర పైకి వంచితే అడుగు మడ్డి కదలదు. పంపు నీటిని అడుగు నుంచి కాక తేలే గొట్టంతో పైపొర కింది నుంచి లాగాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వేస్తే వాసన, నాచు రావు. రోజుకు 1.5 లక్షల లీటర్లకు, 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 1.2 కిలోలు సరిపోతుంది. గాలి గొట్టాలకు, పొర్లుగొట్టానికి దోమతెర తప్పనిసరి.

బోరు నీటిని వాన నీరు పట్టే భూగర్భ ట్యాంకులో పోయకూడదు; పోస్తే రాబోయే వానకు చోటుండదు. దాన్ని మేడ మీది ఫ్లష్ ట్యాంకులోకి, నీటిమట్టానికి పైన ఖాళీ ఎడం ఉంచి వదలాలి. అప్పుడు ఫ్లష్ నీరు మంచినీటి గొట్టంలోకి వెనక్కి పోదు.

లోపాలు, గుర్తింపు

డెల్టాలో పెద్ద ముప్పు ట్యాంకు పైకి తేలడం. భూగర్భ జలం ట్యాంకు అడుగుకంటే రెండు మీటర్లు పైన ఉంటే, చదరపు మీటరుకు రెండు టన్నుల ఒత్తిడి కింది నుంచి నెడుతుంది. 30 సెంటీమీటర్ల కాంక్రీటు అడుగు బరువు ముప్పావు టన్నే. మిగతా బరువును గోడలు, పైకప్పు, అడుగు పలక అంచుల మీది మట్టి ఇవ్వాలి. శుభ్రం చేయడానికి ట్యాంకును వానాకాలంలో ఖాళీ చేయకుండా మే నెలలో ఖాళీ చేయడం క్షేమం.

వాన నీటికీ బోరు నీటికీ వేర్వేరు మీటర్లు ఉంటే లోపాలు బయటపడతాయి. వానలు పడుతున్నా బోరు మీటరు తిరుగుతుంటే వడపోతో పంపో మూసుకుపోయినట్లు. రాత్రి వాడకం లేకున్నా మట్టం తగ్గితే కారుతున్నట్లు. వాన లేకుండా మట్టం పెరిగితేనో, లవణ పరీక్షలో అంకె లీటరుకు వంద మిల్లీగ్రాముల లోపు నుంచి వందల్లోకి ఎగబాకితేనో, పగుళ్లలోంచి భూగర్భ జలం లోపలికొస్తున్నట్లు. గోదావరి జిల్లాల్లో ఈ ఏర్పాటు వానాకాలపు నాలుగైదు నెలలు బోర్లకు విశ్రాంతినిస్తుంది. వేసవికి వేరే నీటి వనరును మొదటి రోజు నుంచే లెక్కలో చేర్చుకోవాలి.