రెండు 480ల కథ: కార్నెగీ ఉక్కు నుంచి బీటాఫార్మ్ దాకా

1901 మొదట్లో ఆండ్రూ కార్నెగీ తన ఉక్కు కంపెనీకి ధర చెప్పమని కబురు వస్తే ఒక కాగితం మీద అంకె వేసి పంపాడని చెబుతారు. 480 మిలియన్ డాలర్లు. బ్యాంకరు జె.పి. మోర్గాన్ బేరం ఆడకుండా ఒప్పుకున్నాడు. ఆ కంపెనీని మరికొన్ని ఉక్కు సంస్థలతో కలిపి అతను నిలబెట్టిందే యు.ఎస్. స్టీల్. దాని మూలధనాన్ని 1.4 బిలియన్ డాలర్లుగా చూపించారు. ప్రపంచంలో బిలియన్ డాలర్ల గీత దాటిన మొదటి కంపెనీ అదే.

ఈ కథలో నన్ను ఎప్పుడూ ఆపే విషయం ఆ అంకె కాదు, కార్నెగీ తన వాటా సొమ్మును పుచ్చుకున్న తీరు. కొత్త కంపెనీ షేర్లు అతను తీసుకోలేదు. 5 శాతం వడ్డీ ఇచ్చే బంగారు బాండ్లే కావాలన్నాడు. అందరూ కలిస్తే లాభం ఎంత పెరుగుతుందో దేశమంతా మాట్లాడుకుంటున్న రోజుల్లో, ఆ పరిశ్రమను అందరికంటే బాగా ఎరిగిన మనిషి ఆ లాభంలో వాటా వద్దన్నాడు. అప్పిచ్చినవాడి స్థానంలో కూర్చున్నాడు. కంపెనీల విలీనాల చరిత్ర చదివేటప్పుడు ఎవరు ఎవరిని కొన్నారన్నదాని కంటే ఒక ప్రశ్న నాకు ఎక్కువ పనికొచ్చింది: కలిసినందువల్ల వచ్చే లాభం చివరికి ఎవరి జేబులో పడింది?

ఆనాటి విలీనాల వెనక ఉద్దేశం దాపరికం లేనిది. 1890లో వచ్చిన షెర్మన్ చట్టం, పోటీదారులు కూడబలుక్కుని ధరలు నిర్ణయించుకోవడాన్ని నేరం చేసింది. ఒప్పందం చేసుకుంటే నేరమైనప్పుడు, ఒకే కంపెనీగా మారిపోతే ఆ చిక్కు తప్పుతుందని చాలామందికి తోచింది. అయితే ధరను ఎత్తుగా నిలబెట్టే పెద్ద కంపెనీ గొడుగు కింద చిన్న పోటీదారులు కూడా హాయిగా పెరుగుతారు. యు.ఎస్. స్టీల్ మొదటి అధ్యక్షుడు చార్లెస్ ష్వాబ్ కార్నెగీ దగ్గర ఎదిగినవాడు. 1903లో అతను బయటికొచ్చేసి, బెత్లెహెమ్ స్టీల్‌ను గట్టి పోటీదారుగా తీర్చిదిద్దాడు. మొదట దేశపు ఉక్కులో దాదాపు మూడింట రెండొంతులు చేసిన యు.ఎస్. స్టీల్ వాటా ఆ తరువాత తగ్గుతూ పోయింది. 1921లో ఆర్థర్ డ్యూయింగ్ అనే ఆర్థికవేత్త 35 పాత విలీనాల లెక్కలు తిరగేసి చూస్తే, సగటున విడివిడిగా ఉన్నప్పటి లాభాలే ఎక్కువని తేలింది. ప్రమోటర్లు చూపించిన ఆశలు చాలావరకు కాగితం మీదే మిగిలాయి.

తరువాతి అరవై ఏళ్లలో ఉద్దేశాలు రంగు మార్చుకున్నాయి. 1950లో అమెరికా తన చట్టాన్ని బిగించి, ఒకే రంగంలోని కంపెనీలు కలవడాన్ని కష్టం చేసింది. దాంతో చేతిలో డబ్బున్న కంపెనీలు సంబంధం లేని వ్యాపారాల వైపు తిరిగాయి. టెలిఫోన్ల కంపెనీ ఐటీటీ, హెరాల్డ్ జెనీన్ చేతుల్లో హోటళ్లు, కార్ల అద్దెలు, రొట్టెలు, బీమా దాకా కొనుక్కుంటూ పోయింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1965లో, ఇగోర్ ఆన్సాఫ్ తన కార్పొరేట్ వ్యూహ గ్రంథంలో సినర్జీ అనే మాటను ఈ రంగంలోకి తెచ్చాడు. రెండూ రెండూ కలిస్తే అయిదు అన్నది దాని సారం. మన మాటల్లో చెప్పాలంటే ‘కలిసిరావడం’. ఆన్సాఫ్ ఆ మాటను జాగ్రత్తగానే వాడాడు. ఏ పనిలో, ఏ యంత్రంలో, ఏ నైపుణ్యంలో కలిసొస్తుందో విడదీసి చూడమన్నాడు. మార్కెట్‌కు మాత్రం మాటే నచ్చింది, విడదీసి చూడడం నచ్చలేదు.

అసలు కలిసిరాకపోయినా కలిసొచ్చినట్టు కనిపించే లెక్క ఒకటి ఆ రోజుల్లో బాగా నడిచింది. ఒక కంపెనీకి కోటి షేర్లు, 10 కోట్ల లాభం ఉన్నాయనుకుందాం. ఒక్కో షేరుకు 10 రూపాయల లాభం. మార్కెట్ దానికి ఇరవై రెట్లు కట్టి షేరును 200కు కొంటోంది. మరో కంపెనీ కూడా 10 కోట్లే సంపాదిస్తోంది కానీ, మందకొడి వ్యాపారం కాబట్టి దానికి పది రెట్లే, అంటే మొత్తం 100 కోట్లే ధర పలుకుతోంది. మొదటిది 50 లక్షల కొత్త షేర్లిచ్చి రెండోదాన్ని కొనేస్తుంది. ఇప్పుడు 20 కోట్ల లాభం, కోటిన్నర షేర్లు. షేరుకు 13 రూపాయల 33 పైసలు. మార్కెట్ పాత అలవాటుతోనే ఇరవై రెట్లు కడితే షేరు 267 దగ్గరికి పోతుంది. ఫ్యాక్టరీలో ఒక్క మేకు కూడా కదల్లేదు. ఈ ఎదుగుదల ఆగకూడదంటే ప్రతి ఏడూ ఇంకా పెద్ద కంపెనీని కొంటూ ఉండాలి. దశాబ్దం చివర మార్కెట్ చల్లబడినప్పుడు ఇరవై రెట్లు పోయాయి, లెక్కా ఆగింది. 1987లో మైకేల్ పోర్టర్ 33 పెద్ద అమెరికన్ కంపెనీలను పరిశీలిస్తే, కొత్త రంగాల్లో తాము కొన్నవాటిలో సగానికి పైగా అవి తిరిగి వదిలించుకున్నాయని తేలింది.

ఆ ముందు ఏడాదే రిచర్డ్ రోల్ ఇంకో కోణం చూపించాడు. ఒక వస్తువుకు పదిమంది పాటదారులు విలువ కడితే కొందరు ఎక్కువ కడతారు, కొందరు తక్కువ. పాట మాత్రం అందరికంటే ఎక్కువ కట్టినవాడికే దక్కుతుంది. అంటే గెలిచినవాడే ఎక్కువ పొరపడ్డవాడయ్యే అవకాశం ఉంది. తన అంచనా మీద అతినమ్మకం ఉన్న యాజమాన్యం ఇక్కడ తనను తాను సరిదిద్దుకోదు.

ప్రీమియం అంటే ఏమిటో అంకెల్లో చూస్తే రోల్ మాట ఎంత బరువైందో తెలుస్తుంది. మార్కెట్లో 1,000 కోట్లు పలికే కంపెనీకి 1,300 కోట్లు ఇచ్చామనుకోండి. దాని ఇప్పటి లాభాలు, అందరూ ఆశిస్తున్న ఎదుగుదల ఆ వెయ్యిలోనే ఉన్నాయి. పైన ఇచ్చిన 300 కోట్లకు సరిపడా కొత్తగా ఏదో పుట్టాలి. పెట్టుబడికి 12 శాతం రాబడి కావాలనుకుంటే, పన్నులు పోను ఏటా 36 కోట్లు ఎప్పటికీ రావాలి. అదీ మొదటి ఏడాది చివరి నుంచే. విలీనం పనులు సాగి ఆ రాబడి మూడేళ్లు ఆలస్యమైతే, ఏటా 36 చాలదు, దాదాపు 51 కోట్లు కావాలి. ఇదంతా వచ్చినా కొన్నవాడికి మిగిలేది సున్నా, ఎందుకంటే అమ్మినవాడు ఆ 300 కోట్లు మొదటి రోజే లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు. 1997లో మార్క్ సిరోవర్ ఒక పుస్తకం నిండా చెప్పింది ఈ లెక్కనే.

ఇక రెండో 480.

2006 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్, జర్మనీలో ఆగ్స్‌బర్గ్ కేంద్రంగా ఉన్న బీటాఫార్మ్‌ను 480 మిలియన్ యూరోలకు కొంటున్నట్టు ప్రకటించింది. ఒక భారతీయ మందుల కంపెనీ విదేశంలో అప్పటిదాకా అంత పెద్ద కొనుగోలు చేయలేదు. అమ్మింది 3ఐ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థ. రాన్‌బాక్సీ కూడా పోటీలో ఉంది. డబ్బులో ఎక్కువ భాగం అప్పుగా తెచ్చిందే.

ఉద్దేశాల్లో పిచ్చితనమేమీ లేదు. బీటాఫార్మ్ జర్మనీ జెనరిక్ మందుల్లో నాలుగో స్థానంలో ఉంది. ఆ దేశంలో అప్పటికి ఏ కంపెనీ మాత్ర వాడాలో చాలావరకు డాక్టరు చీటీయే తేల్చేది. కాబట్టి డాక్టర్లను కలిసే ప్రతినిధుల దండు, వాళ్లు నిలబెట్టిన పేరే అసలు ఆస్తి. హైదరాబాద్‌కు ఉన్న బలం చవకగా, నాణ్యంగా తయారు చేయడం. అక్కడి పేరు, ఇక్కడి తయారీ కలిస్తే మధ్యలో మిగిలే తేడా అంతా తమదే అన్నది ఆలోచన. కాగితం మీద ఇంతకంటే చక్కని జోడీ దొరకదు.

చిక్కు మొదట సరఫరాలో వచ్చింది. బీటాఫార్మ్ మందులు చాలావరకు సాలుటాస్ అనే సంస్థ తయారుచేసి ఇచ్చేది. అది అప్పటికే పోటీదారు సాండోజ్ గొడుగు కిందికి పోయింది. తయారీని ఇండియాకు మార్చాలంటే మందు మందుకూ కాగితాలు సమర్పించి, యూరప్ తనిఖీలు దాటి, నియంత్రణ సంస్థ అనుమతి పొందాలి. ఇది నెలల మీద కాదు, ఏళ్ల మీద నడిచే పని. పైన వేసుకున్న లెక్కలో ‘మూడేళ్లు ఆలస్యమైతే’ అన్న వాక్యం ఉత్త ఊహ కాదు.

అంతకంటే పెద్ద దెబ్బ చట్టం నుంచి తగిలింది. 2006 మే నుంచి అమల్లోకి వచ్చిన సంస్కరణ మందుల ధరలను కిందికి నెట్టింది, ఫార్మసీలకు ఉచిత సరుకు రూపంలో ఇచ్చే రాయితీలను నిషేధించింది. కొనుగోలు నాటికే అది చర్చలో ఉంది. 2007 ఏప్రిల్‌లో వచ్చిన మరో చట్టం ఆట నియమాన్నే మార్చేసింది. రోగి ఏ ఆరోగ్య బీమా నిధిలో సభ్యుడో, ఆ నిధితో తగ్గింపు ఒప్పందం కుదుర్చుకున్న కంపెనీ మాత్రనే ఫార్మసిస్టు ఇవ్వాలి. నిధులు టెండర్లు పిలవడం మొదలుపెట్టాయి. డాక్టరు రాసిన పేరు కంటే టెండరులో వేసిన ధర ముఖ్యమైంది. ఏ ప్రతినిధుల దండు కోసం అంత డబ్బు పోశారో, దాన్ని తరువాత గట్టిగా కుదించాల్సి వచ్చింది.

జాగ్రత్తగా చూడాల్సింది ఇక్కడే. చవక తయారీ అన్న సినర్జీ అబద్ధం కాదు. ఇండియాలో చేస్తే ఖర్చు నిజంగానే తగ్గుతుంది. కానీ టెండరులో పోటీపడే వాళ్లందరికీ చవక తయారీ అందుబాటులో ఉన్నప్పుడు, తగ్గిన ఖర్చు అంతా తగ్గిన ధరగా మారి బీమా నిధుల ఖాతాలోకి పోతుంది. ఆదా పుట్టింది, కొన్నవాడి దగ్గర ఆగలేదు. విలీనాలు బెడిసికొట్టడానికి సంస్కృతుల ఘర్షణ, మనుషుల అహం అని పాఠాల్లో చెబుతాం, అవీ ఉంటాయి. బీటాఫార్మ్ విషయంలో వాటి అవసరమే లేకుండా లెక్క తలకిందులైంది.

దీన్ని ముందే పసిగట్టగలిగేవారా? చట్టంలోని ప్రతి అక్షరాన్నీ ఊహించడం ఎవరి తరం కాదు. అయితే మొత్తం ధర ఒకే ఊహ మీద, డాక్టరు చీటీకి ఉన్న బలం మీద, నిలబడిందని కనిపెట్టవచ్చు. ఆ ఊహను తీసేస్తే ఎంత మిగులుతుందో వేరే కాగితం మీద వేసుకోవచ్చు. ఖర్చు తగ్గించుకోవడం మన చేతిలో పని. అమ్మకాలు పెరగడం, ధర నిలబడడం కొనేవాళ్ల చేతిలోనూ, ఇక్కడైతే ఒక ప్రభుత్వం చేతిలోనూ ఉన్నాయి. ఈ రెంటినీ ఒకే పట్టికలో, ఒకే నమ్మకంతో కలిపి కూడడం దగ్గరే ప్రీమియం పెరిగిపోతుంది.

2008-09 ఖాతాల్లో డాక్టర్ రెడ్డీస్, బీటాఫార్మ్‌కు సంబంధించిన గుడ్‌విల్, ఇతర కంటికి కనిపించని ఆస్తుల విలువలో సుమారు 1,400 కోట్ల రూపాయలు రద్దు చేసింది. మిగతా వ్యాపారాలు సంపాదిస్తున్నా ఆ ఏడాది కంపెనీ దాదాపు 517 కోట్ల నష్టం చూపించింది. ఆగ్స్‌బర్గ్‌లో బీటాఫార్మ్ మూతపడలేదు, డాక్టర్ రెడ్డీస్ కూడా తట్టుకుని నిలబడింది. ఆ 480 మిలియన్ యూరోల విలువ పుస్తకాల్లో కరిగిపోతున్న వేళకు 3ఐ తన డబ్బు తీసుకుని వెళ్లిపోయి మూడేళ్లయింది. షేర్లు కాదన్న కార్నెగీ బాండ్ల లాగానే, అది కూడా తిరిగి అడగలేని సొమ్ము.