పురుగుల మందు అనుమానం.. పోస్టుమార్టం రిపోర్టులో ఏది ఎక్కడ రాస్తారు?

యర్రగొండపాలెం వైపు పొలంలో ఓ రైతు చనిపోయి కనిపించాడనుకుందాం. పక్కనే పురుగుల మందు డబ్బా ఉంది. మార్చురీలో డాక్టర్ చూసింది చూసినట్టు చెప్తుంటే పక్కన ఒకరు రాసుకుంటారు: ‘నోట్లో నురగ.. కడుపులో కిరోసిన్ వాసన.. గోళ్లు నీలం.. ఊపిరితిత్తులు బరువెక్కాయి.. దెబ్బల్లేవు’.

రిపోర్టులో ఈ వరస మారుతుంది. నురగ, గోళ్ల రంగు, దెబ్బలు లేవన్న మాట బాహ్య పరీక్షలోకి వెళ్తాయి. ఊపిరితిత్తుల బరువు, కడుపులో ద్రవం ఎంత, దాని వాసన అవయవాల పరీక్షలోకి వస్తాయి. ఈ రెండు చోట్లా ‘విషం’ అని రాయకూడదు.

చివరిది అభిప్రాయం. కిరోసిన్ వాసన చాలా మందుల్లో కలిపే ద్రావకానిది. దాన్ని బట్టి ఏ మందో తేల్చలేరు. అందుకే కడుపు, కాలేయం, కిడ్నీ ముక్కలను ఉప్పు ద్రావణంలో ఉంచి, రక్తాన్ని విడిగా ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. అప్పటిదాకా మరణ కారణం ‘రిజర్వ్’లోనే ఉంటుంది. ఆత్మహత్యా, హత్యా అన్నది మాత్రం దర్యాప్తులో తేలాల్సిందే.