ఆన్‌లైన్ అమ్మకాల్లో కమిషన్ ఇన్‌వాయిస్, చెల్లింపుల సరిపోలిక

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి వేదికల మీద సరుకు అమ్మే వ్యాపారికి ఆ వేదిక నెలనెలా తన కమిషన్, ఫీజుల ఇన్‌వాయిస్ పంపుతుంది. దాన్ని బ్యాంకు ఖాతాలో పడిన సొమ్ముతో ఆర్డరు వారీగా పోల్చి చూసుకోవడమే ఈ సరిపోలిక. అమ్మకందారుల వాడుకలో దీని పేరు ‘పేమెంట్ రీకన్సిలియేషన్’. జీఎస్టీ నమోదు ఉండి, కొన్నవారికి తన పేరుతోనే బిల్లు ఇచ్చే భారతీయ అమ్మకందారు లెక్కలకే ఈ వ్యాసం పరిమితం.

కమిషన్ లేదనే వేదికల్లోనూ ఈ పని తప్పదు. మీషో 2021లో అమ్మకందారుల నుంచి కమిషన్ తీసుకోవడం మానేసింది. అమెజాన్ 2025 ఏప్రిల్‌లో ₹300 లోపు ధర ఉన్న అనేక వర్గాల వస్తువులపై రిఫరల్ ఫీజు ఎత్తేసింది. అయితే రవాణా, రిటర్న్, ప్రకటనల ఖర్చులు అలాగే ఉంటాయి. నిజానికి తేడాలు ఎక్కువగా పుట్టేది కమిషన్‌లో కాదు, రవాణాలో. కమిషన్ ధర మీద శాతం కాబట్టి దాన్ని ఎవరైనా లెక్కగట్టి చూడవచ్చు. రవాణా చార్జీ మాత్రం గోదాములోని యంత్రం కొలిచిన బరువు మీద ఆధారపడుతుంది.

మూడు కాగితాలు, మూడు తేదీలు

కమిషన్ ఇన్‌వాయిస్ క్యాలెండర్ నెలకు వస్తుంది. సెటిల్‌మెంట్ రిపోర్టు వేదికను బట్టి వారానికోసారో, సరుకు అందిన ఇన్ని రోజులకనో వస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంటులో సొమ్ము పడేది ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు. జూన్ 28న పంపిన పార్సిల్ ఫీజు జూన్ ఇన్‌వాయిస్‌లో కనిపించి, దాని డబ్బు జూలైలో పడటం మామూలే. అందుకే ఇన్‌వాయిస్ మొత్తాన్ని ఆ నెల బ్యాంకు జమలతో నేరుగా పోల్చినవారికి లెక్క ఎప్పటికీ కుదరదు. ఇన్‌వాయిస్‌నూ సెటిల్‌మెంట్‌నూ కలిపే వంతెన ఆర్డర్ నంబరు. బ్యాంకు జమను సెటిల్‌మెంట్‌తో కలిపేది మాత్రం యూటీఆర్ నంబరో, సెటిల్‌మెంట్ నంబరో అవుతుంది.

ప్రకటనల బిల్లు చాలాచోట్ల వేరే ఇన్‌వాయిస్‌గా వస్తుంది కానీ, దాని సొమ్మును సెటిల్‌మెంట్‌లోంచే కోసుకోవచ్చు. దానికి ఆర్డర్ నంబరు ఉండదు కాబట్టి విడి వరుసలో రాసుకోవాలి.

ఒక చీర లెక్క

ఉదాహరణకు మంగళగిరి నూలు చీరలు అమ్మే వ్యాపారి ఒకరున్నారనుకుందాం. చీర ధర 5 శాతం జీఎస్టీతో కలిపి ₹2,100. అందులో అసలు విలువ ₹2,000, పన్ను ₹100. కమిషన్ పన్నుతో కలిసిన ధర మీద 10 శాతం, అంటే ₹210. స్థిర రుసుము ₹30. రవాణా కిలో వరకు ₹80, ఆపై ప్రతి కిలోకూ, కిలోలో భాగానికీ మరో ₹80. ఈ రేట్లు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. అసలు రేట్లు వేదికను, వస్తువును, నెలను బట్టి మారతాయి.

ఫీజులన్నీ కలిపి ₹320. వేదిక చేసే సేవ మీద జీఎస్టీ 18 శాతం, అంటే ₹57.60. ఇన్‌వాయిస్‌లో ఈ చీరకు కనిపించేది ₹377.60. కానీ బ్యాంకులో పడే సొమ్ము 2,100లోంచి 377.60 తీసేసిన మొత్తం కాదు. ఇన్‌వాయిస్‌లో కనిపించని రెండు పన్ను కోతలు ఇంకా ఉన్నాయి: జీఎస్టీ టీసీఎస్ ₹10, ఆదాయపు పన్ను టీడీఎస్ ₹2. చేతికి వచ్చేది ₹1,710.40.

ఈ ₹12 ఖర్చు కాదు, వ్యాపారి పేర జమయ్యే సొమ్ము. టీసీఎస్‌ను వేదిక ప్రతి నెలా జీఎస్టీఆర్-8లో చూపిస్తుంది. అమ్మకందారు జీఎస్టీ పోర్టల్‌లో `TDS and TCS Credit Received` అనే చోట దాన్ని అంగీకరించి దాఖలు చేస్తేనే అది ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. టీడీఎస్ ఫారం 26ఏఎస్‌లో కనిపించి, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. ₹57.60 జీఎస్టీ వీటికి భిన్నం. అది జీఎస్టీఆర్-2బిలో చేరాక ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. వేదిక దగ్గర ఇచ్చిన జీఎస్టీ నంబరు సరిగా ఉన్నప్పుడే ఇది జరుగుతుంది. తెలంగాణలో ఒకటి, ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి నమోదు ఉన్నవారు ఏ గోదాము సరుకు ఫీజు ఏ నంబరు మీద పడిందో చూసుకోవాలి.

పన్ను కోతల తేదీలు

ఈ రెండు కోతలు ఎప్పుడు మొదలయ్యాయన్నదానిపై వాడుకలో ఉన్న మార్గదర్శకాలు ఒకే మాట చెప్పవు. టీసీఎస్‌కు మూలమైన 52వ సెక్షన్ 2017 జూలైలో జీఎస్టీతోపాటే వచ్చిన చట్టంలో ఉంది కాబట్టి కొందరు ఆ తేదీనే చెబుతారు. అయితే వసూలు మొదలైంది 2018 అక్టోబరు 1 నుంచి, 1 శాతం చొప్పున. లెక్కలకు ఈ తేదీనే ప్రామాణికంగా తీసుకోవాలి. 2024 జూలై 10 నుంచి రేటు 0.5 శాతానికి తగ్గింది. టీడీఎస్ కోత, అంటే 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 194-ఓ సెక్షన్, 2020 బడ్జెట్ ప్రతిపాదనలో ఏప్రిల్ 1 నుంచి అని ఉన్నా, అమల్లోకి వచ్చింది ఆ ఏడాది అక్టోబరు 1న. రేటు 2021 మార్చి 31 వరకు 0.75 శాతం, ఆ తర్వాత 1 శాతం, 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతం. ఈ విధంగా 2024-25 లెక్కల్లో ఒక్క ఏడాదిలోనే రెండు కోతల రేట్లూ వేర్వేరు తేదీల్లో మారాయి. ఆ ఏడాది పాత లెక్కలు తిరగేసేవారు దీన్ని గమనించకపోతే లేని తప్పులు కనిపిస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలుతో సెక్షన్ అంకె కూడా మారింది.

టీడీఎస్ ₹2,000 మీదా, ₹2,100 మీదా అన్నది మరో చిక్కు. రెండు పద్ధతులూ కనిపిస్తాయి. జీఎస్టీని విడిగా చూపి, ఖాతాలో జమ రాసే సమయంలో కోత వేస్తే పన్ను లేని విలువ మీదే వేయాలని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2023 డిసెంబరు 28 సర్క్యులర్ చెబుతోంది. పై ఉదాహరణ దాన్నే అనుసరించింది. తేడా చీరకు పది పైసలే అయినా, ఏ పద్ధతో ముందే తెలుసుకుంటే నెలాఖరులో ఆ పైసల కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఒక నెల లెక్క

ఆ వ్యాపారి జూన్‌లో 40 చీరలు పంపారు, ఒక్కటీ తిరిగి రాలేదు. చీరకు ₹377.60 చొప్పున ఇన్‌వాయిస్ ₹15,104 ఉండాలి. వచ్చింది ₹15,198.40. జూన్‌లో డబ్బు అందింది 38 ఆర్డర్లకు: జూన్‌వి 33, మే నెలలో పంపినవి 5. జూన్‌లో పంపిన మిగతా 7 ఆర్డర్ల డబ్బు జూలైలో పడింది. 38 చీరలకు ₹64,995.20 రావాలి, బ్యాంకులో పడింది ₹64,900.80.

సెటిల్‌మెంట్లలో కోసిన ఫీజులు కూడితే ₹14,443.20 తేలింది. ఇన్‌వాయిస్‌తో తేడా ₹755.20, అంటే సరిగ్గా రెండు చీరల ఫీజు. ఇంకా రావాల్సినవి 7, మే నుంచి వచ్చినవి 5, తేడా 2. ఇన్‌వాయిస్‌కూ చెల్లింపులకూ లెక్క కుదిరింది.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆగకూడదు. ఇన్‌వాయిస్, చెల్లింపు రెండూ ఒకే వేదిక లెక్కలోంచి పుట్టినవే. అవి ఒకదానితో ఒకటి కుదిరితే ఆ వేదిక తాను వేసిన బిల్లు మేరకే కోసుకుందని తేలుతుంది తప్ప, ఆ బిల్లు సరైనదని తేలదు. అది తెలియాలంటే మూడో లెక్క కావాలి: రేట్ల పట్టిక, తన సొంత పార్సిల్ కొలతలు. ఆ లెక్కతో పోలిస్తే ఇన్‌వాయిస్‌లో ₹94.40 ఎక్కువ, బ్యాంకులో అంతే తక్కువ.

ఇలాంటి తేడాను ముందుగా 1.18తో భాగించి చూడటం పనికొస్తుంది. 94.40ని భాగిస్తే సరిగ్గా 80 వచ్చింది. అంటే అది జీఎస్టీ పడిన ఫీజు, పైగా ఒక అదనపు కిలో రవాణా. భాగహారం ఇలా రేట్ల పట్టికలోని అంకెకు తెగకపోతే పన్ను కోతలోనో, రిటర్నులోనో వెతకాలి. ఒక్కో ఆర్డరు రవాణా చూస్తే ఒకదానికి ₹160 పడింది. చీర తూకం 700 గ్రాములే. అయితే వేదికలు తూకం బరువు, ఘనపరిమాణ బరువుల్లో ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే ఘనపరిమాణ బరువు కిలోల్లో వస్తుంది. వ్యాపారి కొలిచిన ప్యాకెట్ 28, 22, 6 సెంటీమీటర్లు, అంటే 0.74 కిలో. యంత్రం నమోదు చేసింది 30, 25, 8, అంటే 1.2 కిలోలు. మెత్తని ప్లాస్టిక్ కవర్లో గాలి నిలిస్తే ఇలా జరగవచ్చు. ఫిర్యాదుకు టేపు, తూకం కనిపించేలా ప్యాకెట్ ఫొటో కావాలి. ఇలాంటి ఫిర్యాదులకు వేదికలు గడువు పెడతాయి. అందుకే ఈ పోలిక ఏడాది చివర ఆడిటర్ దగ్గర చేయించేది కాదు, వారం వారం చేసుకోవలసింది.

రిటర్నులు

చీర తిరిగొస్తే ఇన్‌వాయిస్‌లోని ఫీజంతా వెనక్కి రాదు. కమిషన్ ₹210 మాత్రమే తిరిగి ఇచ్చే ఒప్పందమైతే దానికి జీఎస్టీతో కలిపి ₹247.80 క్రెడిట్ నోట్ వస్తుంది. స్థిర రుసుము, వెళ్లిన రవాణా, తిరుగు రవాణా వ్యాపారి మీదే. తిరుగు రవాణా ₹120 అనుకుంటే అమ్మకం లేకుండానే జీఎస్టీతో ₹271.40 పోతుంది. క్రెడిట్ నోట్ విడి నంబరుతో, తరచు తర్వాతి నెలలో వస్తుంది. ఇన్‌వాయిస్ మీద పూర్తి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని, ఈ నోట్ మేరకు తగ్గించడం మరిచిపోతే జీఎస్టీఆర్-2బితో లెక్క తప్పుతుంది.

టీసీఎస్‌ను ఆ నెల రిటర్నులు తీసేసిన నికర విలువ మీద లెక్కిస్తారు. టీడీఎస్ మొత్తం అమ్మకం మీద. సరుకు తిరిగొచ్చి సొమ్ము వాపసు ఇచ్చాక, అప్పటికే కోసిన టీడీఎస్‌ను అదే ఆర్థిక సంవత్సరంలో ఆ అమ్మకందారు తర్వాతి లావాదేవీల కోతలో సర్దవచ్చని పై సర్క్యులర్ వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి 26ఏఎస్‌లోని అమ్మకం, జీఎస్టీ పోర్టల్‌లోని అమ్మకం వేర్వేరుగా ఉండటం దానంతట అది తప్పు కాదు. తేడా రిటర్నుల విలువకు సరిపోతోందో లేదో చూడాలి.

పట్టికలో జరిగే పొరపాట్లు

ఎక్సెల్‌లో పోల్చేవారు మామూలుగా VLOOKUP వాడతారు. ఇక్కడ అది నమ్మదగింది కాదు. ఒక ఆర్డరుకు ధర, కమిషన్, రవాణా, పన్ను అంటూ సెటిల్‌మెంట్‌లో అనేక వరుసలు ఉంటే VLOOKUP మొదటిదాన్నే తెస్తుంది. అన్నిటినీ కూడేది ఇది:

```
=SUMPRODUCT(--(Payments!B:B=A2), Payments!F:F)
```

ఆర్డర్ నంబరు అన్నీ అంకెలే అయి 15 అంకెలు దాటితే ఎక్సెల్ మిగిలినవాటిని సున్నాలు చేస్తుంది. రెండు వేరు ఆర్డర్లు ఒకటిగా కనిపించి సొమ్ము రెట్టింపైనట్టు తేలుతుంది. రెండు ఫైళ్లనూ నేరుగా తెరవకుండా, ఆర్డర్ నంబరు నిలువు వరుసను టెక్స్ట్‌గా ఎంచి దిగుమతి చేసుకోవాలి.

పుస్తకాల్లో అమ్మకం ఎంతని రాయాలన్నదానిపై చిన్న వ్యాపారుల్లో రెండు అలవాట్లున్నాయి. బ్యాంకులో పడిన ₹1,710.40నే అమ్మకంగా రాసేవారు ఉన్నారు. ₹2,000 అమ్మకం, ₹100 పన్ను రాసి, ఫీజును ఖర్చుగా, దాని జీఎస్టీని క్రెడిట్‌గా, రెండు కోతలను రావలసిన సొమ్ముగా విడివిడిగా రాసేవారు ఉన్నారు. రెండో పద్ధతికి ప్రతి చీరకూ ఆరు పద్దులు అవసరమైనా, వేదిక జీఎస్టీఆర్-8లో చూపే ₹2,000తో కుదిరేది అదొక్కటే.